బౌద్ధులమైతే హిందూ వారసత్వ చట్టం వర్తించదా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. నాన్న చాలా ఏళ్ల క్రితం బౌద్ధ దీక్ష తీసుకున్నారు. పోయిన ఏడాది చనిపోయారు, వీలునామా రాయలేదు. ఆయన సొంతంగా కొన్న 5 ఎకరాల భూమి ఉంది. అమ్మ, నాయనమ్మ, అన్న, నేను ఉన్నాం. అక్క నాన్న కంటే ముందే పోయింది, ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. "మనం బౌద్ధులం, హిందూ చట్టం మనకు పనిచేయదు, కాబట్టి ఆడపిల్లలకు వాటా లేదు" అని అన్న అంటున్నాడు. బాబాయేమో నాన్న పేరుకే బౌద్ధుడు అంటాడు. మాకు తెలిసిన ఒక జైన్ వ్యాపారి మాత్రం "మాకూ, సిక్కులకూ కూడా హిందువుల చట్టమే" అన్నారు. మతాలు వేరైనప్పుడు చట్టం ఒకటి ఎలా అవుతుంది? మా పరిస్థితి ఏమిటి?

జవాబు:

మీ అన్న చెప్పింది తప్పు. ఆ వ్యాపారి చెప్పింది సరైనది. మీకు, మీ అక్క పిల్లలకు కూడా వాటా ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో భాగ పంపకాల కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీ అన్న చేసిన వాదన మధ్యమధ్యలో ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ అన్న మాటనే కాసేపు ఒప్పుకుందాం. బౌద్ధులకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు అనుకుందాం. అప్పుడు మీ నాన్న భూమి ఏ చట్టం కింద పంచాలి? మన దేశంలో మిగిలిన పెద్ద చట్టం 1925 నాటి భారత వారసత్వ చట్టం. క్రైస్తవుల ఆస్తి దాని ప్రకారమే పంచుతారు. కానీ వీలునామా లేనప్పుడు ఎవరికెంత అని చెప్పే భాగం మొదట్లోనే, 29వ సెక్షన్‌లో, ఇది హిందువు, ముస్లిం, బౌద్ధుడు, సిక్కు, జైనుడు వదిలిన ఆస్తికి వర్తించదని రాసి ఉంది. అంటే ఆ తలుపు మూసే ఉంది. ముస్లిం వారసత్వం ముస్లింలకే. ఇక మీ అన్నకు మిగిలేది ఏమిటి? ఏ రాతా లేని పాత ఆచారం. ఆయన నిజంగా కోరుకుంటున్నది అదే, కొడుకే మొత్తం తీసుకునే పాత పద్ధతి. పాత పద్ధతి చెల్లదని తేల్చడానికే 1956లో కొత్త చట్టం వచ్చింది.

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. ఎవరికి వర్తిస్తుందో దాని 2వ సెక్షన్ చెబుతుంది. అక్కడ మూడు గుంపులున్నాయి. మొదటిది, మతరీత్యా హిందువులు. వీరశైవులు, లింగాయతులు, బ్రహ్మసమాజం, ప్రార్థనా సమాజం, ఆర్యసమాజం వాళ్లు ఇందులోకే వస్తారు. రెండోది, మతరీత్యా బౌద్ధులు, జైనులు, సిక్కులు. మూడోది, ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదు మతాలకు చెందని ఇతరులు. వీళ్లకు హిందూ చట్టం గానీ ఆచారం గానీ అంతకుముందు లేదని ఎవరైనా రుజువు చేస్తే తప్ప ఈ చట్టమే వర్తిస్తుంది.

చాలామంది గమనించని విషయం ఇక్కడే ఉంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు హిందూ మతంలో ఒక శాఖ అని చట్టం అనలేదు. శాఖలుగా లెక్కించిన వాళ్లను మొదటి గుంపులో పేర్లు పెట్టి చేర్చింది. ఈ ముగ్గురిని వేరే గుంపులో, వేరే మతాలుగానే రాసింది. మతం వేరని ఒప్పుకుంటూనే, ఆస్తి పంపకానికి మాత్రం నియమం ఇదేనని చెప్పింది. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది: ఈ చట్టంలో "హిందువు" అని కనబడిన ప్రతి చోటా, మతరీత్యా హిందువు కాకపోయినా ఈ చట్టం వర్తించే మనిషిని కూడా కలిపి చదువుకోవాలి. అందువల్ల 8వ సెక్షన్‌లో "హిందూ పురుషుడు వీలునామా లేకుండా చనిపోతే" అని ఉన్నచోట మీ నాన్నను పెట్టుకుని చదువుకోవచ్చు. దానివల్ల ఆయన హిందువు అయిపోరు, ఆయన తీసుకున్న దీక్షకు వచ్చే లోటూ లేదు.

రాజ్యాంగం 25వ అధికరణంలో సిక్కులు, జైనులు, బౌద్ధులను హిందువుల్లో కలిపారు కాబట్టి ఇలా అయ్యిందని యూట్యూబ్ వీడియోల్లో చెబుతుంటారు. ఆ వివరణ ఉన్న మాట నిజమే గానీ, అది సామాజిక సంక్షేమం, సంస్కరణల కోసం, దేవాలయాలను అన్ని వర్గాల వాళ్లకూ తెరవడం కోసం ప్రభుత్వం చట్టాలు చేయొచ్చు అనే భాగానికి సంబంధించింది. మీ భూమి విషయంలో దాని దాకా పోనవసరం లేదు, వారసత్వ చట్టమే పేర్లు పెట్టి రాసింది.

ఇక ఎందుకిలా కలిపారు అంటే, దాని వెనక దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్లు 1865లో ఇంగ్లీషు పద్ధతి ఆధారంగా ఒక వారసత్వ చట్టం చేశారు. దాని నుంచి హిందువులను, ముస్లింలను, బౌద్ధులను మినహాయించారు. జైనులు, సిక్కుల పేర్లు రాయలేదు. దాంతో కోర్టుల ముందుకు ఒక చిక్కు వచ్చింది. జైనుడు హిందువు కాదు అని జడ్జి తేలిస్తే, ఆ జైన కుటుంబం మీద ఒక్కసారిగా ఇంగ్లీషు పద్ధతి వారసత్వం వచ్చి పడుతుంది. వాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా నడుస్తున్నదేమో ఉమ్మడి కుటుంబం, దత్తత, కొడుకుల మధ్య పంపకం. అందుకని ఆస్తి విషయాల వరకు జైనులను, సిక్కులను "హిందువు" అనే మాటలోనే కోర్టులు చదువుకున్నాయి. వేరే ఆచారం ఉందని ఎవరైనా రుజువు చేస్తే దాన్ని మన్నించేవి. ఉదాహరణకు, భర్త సొంతంగా సంపాదించిన ఆస్తి మీద భార్యకు పూర్తి హక్కు వస్తుందనే ఆచారం కొన్ని జైన కుటుంబాల్లో ఉందని కోర్టులు ఒప్పుకున్నాయి. అప్పట్లో హిందూ వితంతువుకు సాధారణంగా బతికున్నంత కాలం అనుభవించే హక్కే ఉండేది.

సిక్కుల విషయంలో అందరూ చెప్పుకునే కేసు సర్దార్ దయాళ్ సింగ్ మజీఠియాది. లాహోర్‌లో ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన పెద్దమనిషి ఆయన. 1898లో చనిపోయారు. ఆస్తిని ప్రజోపయోగ కార్యాలకు రాసిపోయారు. భార్య భగవాన్ కౌర్ దాన్ని సవాలు చేస్తూ, ఆయన హిందువు కాదు, కాబట్టి హిందువులకు వర్తించే చట్టం ఆయనకు చెల్లదు అని వాదించింది. ఆయన తిండి అలవాట్లను, ఆచారాలు పాటించకపోవడాన్ని కూడా కోర్టులో చర్చకు పెట్టారు. 1903లో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది ఏమిటంటే, ఆ చట్టం అవసరం వరకు సిక్కు కూడా హిందువు కిందికే వస్తాడు, తిండిలో, ఆచారంలో పట్టింపు లేనంత మాత్రాన బయటికి పోడు. ఒక మనిషి ఎంత నిష్ఠగా ఉన్నాడో ఆస్తి కేసులో తూకం వేయకూడదనే ఆ పద్ధతి మీ బాబాయి వాదనకు కూడా జవాబు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

1925 చట్టం వచ్చేసరికి ఆ చిక్కు లేకుండా హిందువు, బౌద్ధుడు, సిక్కు, జైనుడు అని నాలుగు పేర్లూ విడివిడిగా రాసి బయట పెట్టారు. అంటే ఇంగ్లీషు పద్ధతి వీళ్లకు వద్దు అని తేలింది, కానీ వీళ్లకు ఏది వర్తించాలో పూర్తిగా రాసిన ఒకే చట్టం అంటూ లేదు. ప్రాంతానికో పద్ధతి, కులానికో ఆచారం. రాజస్థాన్ నుంచి మహబూబ్‌నగర్ వచ్చి స్థిరపడిన మార్వాడీ జైన కుటుంబం తన ఆచారాన్ని తనతోపాటే ఇక్కడికి తెచ్చుకున్నట్టు లెక్క. ఆ కుటుంబంలో తగాదా వస్తే రాజస్థాన్‌లో వాళ్ల ఆచారం ఏమిటో ఇక్కడి కోర్టులో సాక్షులతో రుజువు చేయాల్సి వచ్చేది.

హిందూ కోడ్ బిల్లు ఈ గందరగోళాన్ని సరిచేయడానికి వచ్చింది. న్యాయశాఖ మంత్రిగా దాన్ని పార్లమెంటులో నడిపింది డాక్టర్ అంబేద్కరే. బౌద్ధులు, జైనులు, సిక్కులను అందులో ఎందుకు చేర్చారని 1951లో సభలో అభ్యంతరం వచ్చింది. ఇలా చేస్తే సిక్కులను హిందువుల్లో కలిపేసినట్టు కాదా అని కొందరు అడిగారు. అంబేద్కర్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: బుద్ధుడు వైదిక బ్రాహ్మణులతో విభేదించింది మత విశ్వాసంలో, అనుచరుల కోసం వేరే ఆస్తి చట్టం ఏదీ ఆయన చేయలేదు. మహావీరుడి విషయమూ, సిక్కు గురువుల విషయమూ అంతే. మతం మారింది, ఇంట్లో ఆస్తి పంపకం మారలేదు, కాబట్టి సంస్కరించేటప్పుడు అందరికీ కలిపే సంస్కరించాలి.

కొడుకుతో సమానంగా కూతురికి వాటా ఇవ్వాలనేది ఆ సంస్కరణలో ముఖ్యమైన ముక్క. బౌద్ధులను, జైనులను, సిక్కులను బయట వదిలేసి ఉంటే ఆ ఇళ్ల ఆడపిల్లలు పాత ఆచారాల కిందే మిగిలిపోయేవాళ్లు. బిల్లు అప్పట్లో ఆగిపోయింది, అంబేద్కర్ రాజీనామా చేశారు, తర్వాత దాన్ని ముక్కలు చేసి 1955, 56లో నాలుగు చట్టాలుగా తెచ్చారు. వారసత్వ చట్టం 1956 జూన్‌లో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో అంబేద్కర్ బౌద్ధం తీసుకున్నారు. ఆ రోజు ఆయనతో దీక్ష తీసుకున్న లక్షల మందికి ఏ వారసత్వ చట్టం వర్తించాలో అప్పటికే రాసి ఉంది. మీ నాన్న దీక్షకు సంబంధించిన ఫోటో ఇంట్లో ఉండే ఉంటుంది. ఆ ఫోటో చూపించి కూతురికి వాటా లేదనడం ఎంత విడ్డూరమో మీ అన్నకు ఎవరైనా పెద్దమనిషి నెమ్మదిగా చెప్తే బాగుంటుంది.

1956 చట్టం 4వ సెక్షన్ పాత శాస్త్రాన్ని, ఆచారాన్ని, వాడుకను పక్కన పెట్టింది. ఈ చట్టంలో ఏ విషయం గురించి రాసి ఉందో ఆ విషయంలో ఇక పాతవి చెల్లవు. ఇప్పుడు జైన కుటుంబం మాకు వేరే ఆచారం ఉందన్నా, సిక్కు కుటుంబం పంజాబ్ రివాజు ఉందన్నా, వీలునామా లేని ఆస్తి పంపకంలో కోర్టు వినదు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. మీ నాన్న సొంతంగా కొన్న భూమి కాబట్టి 8, 10 సెక్షన్లు చూస్తే చాలు. మొదటి తరగతి వారసులంతా ఒకేసారి తీసుకుంటారు. భార్యకు ఒక వాటా, తల్లికి ఒక వాటా, బతికున్న ప్రతి కొడుక్కీ, కూతురికీ ఒక్కో వాటా, ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురి పిల్లలందరికీ కలిపి ఒక వాటా. మీ ఇంట్లో అమ్మ, నాయనమ్మ, అన్న, మీరు, అక్క పిల్లలు, మొత్తం ఐదు వాటాలు. 5 ఎకరాలు కాబట్టి వాటాకు ఎకరం. అక్క పిల్లలిద్దరికీ కలిపి ఎకరం, అంటే ఒక్కొక్కరికి 20 గుంటలు. మీ బావకు అందులో ఏమీ రాదు, చనిపోయిన కూతురి భర్త ఈ జాబితాలో లేడు. మీ పెళ్లయిందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. నాయనమ్మకు వచ్చే ఎకరం ఆమె సొంతం. ఆమె దాన్ని అమ్ముకోవచ్చు, వీలునామా రాయొచ్చు. "ముసలామెకు ఎందుకు, మేం చూసుకుంటాం కదా" అని ఆమె పేరు వదిలేయడం మన దగ్గర తరచుగా జరుగుతుంది. తర్వాత బాబాయిలు, మేనత్తలు ఆ ఎకరం మీద హక్కు అడిగితే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఆమె తర్వాత ఆ ఎకరానికి ఆమె పిల్లలంతా వారసులే.

మీ బాబాయి వాదన సంగతి ఇప్పుడు చూడండి. మీ నాన్న నిజమైన బౌద్ధుడా, పేరుకేనా అన్న గొడవలో ఎవరు గెలిచినా లెక్క మారదు. బౌద్ధుడైతే రెండో గుంపు, హిందువైతే మొదటి గుంపు, వాటాలు అవే. కాబట్టి దీక్ష పత్రం ఉందా, ఇంట్లో ఏ పండుగ చేశారు, దినకర్మ ఎలా చేశారు అని సాక్షులను తెచ్చి కోర్టు సమయం తినడం వృథా. ప్రతివాది తరఫు వాళ్లు ఆ ప్రశ్నలు వేస్తే, దాని మీద ఫలితం ఆధారపడి లేదని మీ వకీలు ఒక్క మాట చెబితే సరిపోతుంది.

మీ నాన్న క్రైస్తవుడు అయ్యుంటే మాత్రం మతం ఏమిటన్నది గట్టిగా తేల్చాల్సి వచ్చేది. తేడా ఎంతో ఇదే 5 ఎకరాల మీద చూడండి. 1925 చట్టం కింద భార్యకు మూడో వంతు, అంటే ఎకరం 26 గుంటల పైచిలుకు. మిగతా రెండు వంతులు అన్నకు, మీకు, అక్క పిల్లలకు మూడు సమాన భాగాలు, ఒక్కో భాగం ఎకరం 4 గుంటల పైన. పిల్లలు ఉన్నప్పుడు తల్లికి అందులో వాటా లేదు కాబట్టి నాయనమ్మకు సున్నా. ఆడపిల్ల వాటా ఆ చట్టంలోనూ కొడుకుతో సమానమే. అంటే మీ అన్న ఈ రెండు చట్టాల్లో ఏది పట్టుకున్నా మిమ్మల్ని తప్పించలేడు, నష్టపోయేది నాయనమ్మ ఒక్కతే.

మతం మారడం గురించి ఇంకో సెక్షన్ ఉంది, 26వది. దీన్ని సగం చదివి భయపెట్టేవాళ్లు ఉంటారు. హిందువు వేరే మతంలోకి మారితే, మారిన తర్వాత పుట్టిన పిల్లలు, వాళ్ల సంతానం తమ హిందూ బంధువుల ఆస్తికి వారసులు కారు అని అందులో ఉంది. వారసత్వం తెరుచుకునే నాటికి, అంటే ఆ బంధువు చనిపోయే నాటికి, వాళ్లు తిరిగి హిందువులై ఉంటే అడ్డు లేదు. మతం మారిన మనిషికి మాత్రం ఈ నిషేధం లేదు, తండ్రి ఆస్తిలో అతని వాటా అతనికి వస్తుంది. ఇక ఇక్కడ "హిందువు" అంటే ఎవరో పైన చెప్పుకున్నాం. బౌద్ధులూ అందులోనే ఉన్నారు కాబట్టి హిందువు నుంచి బౌద్ధుడు కావడం ఈ సెక్షన్ కిందకు రాదు. మీ తాత హిందువుగా చనిపోయి ఏదైనా వదిలి ఉంటే, బౌద్ధుడైన మీ నాన్న పిల్లలుగా మీకు దానివల్ల ఏ అడ్డూ లేదు. కానీ మీ అక్క పెళ్లి తర్వాత క్రైస్తవంలోకి మారి, ఆ తర్వాత పిల్లలు పుట్టి ఉంటే, మీ నాన్న చనిపోయే నాటికి ఆ పిల్లలు క్రైస్తవులే అయితే, వాళ్ల 20 గుంటల మీద ఈ సెక్షన్ కింద అభ్యంతరం రావచ్చు. అలాంటిదేమైనా ఉంటే కేసు వేసే ముందే మీ వకీలుకు చెప్పండి. దాచిపెడితే ఎదుటి పక్షం జవాబు దావాలో అదే మొదటి పేరాగా వస్తుంది.

రిజిస్ట్రార్ ఆఫీసులో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకుంటే హిందూ వారసత్వ చట్టం పోతుందనే మాట కూడా మన దగ్గర వింటుంటాం. మామూలుగా ఆ పెళ్లి చేసుకున్న వాళ్ల ఆస్తికి 1925 చట్టం వర్తిస్తుంది. కానీ 1976లో స్పెషల్ మ్యారేజ్ చట్టంలో 21-ఎ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం పెళ్లి చేసుకున్న ఇద్దరూ హిందూ, బౌద్ధ, సిక్కు, జైన మతాల్లో దేనికి చెందినా ఆ నియమం వర్తించదు. అంటే సూర్యాపేట బౌద్ధ అబ్బాయి, జడ్చర్ల జైన అమ్మాయి రిజిస్టర్ పెళ్లి చేసుకున్నా, వాళ్ల వారసత్వం హిందూ చట్టంలోనే ఉంటుంది. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులో ముస్లిమో అయితేనే 1925 చట్టానికి పోతుంది.

జైనులను 2014లో కేంద్రం మైనారిటీగా గుర్తించింది కదా, ఇక హిందూ చట్టాలు వాళ్లకు ఎలా అని ఒక ప్రశ్న నన్ను అడిగారు. విడాకుల విషయంలో మధ్యప్రదేశ్‌లో ఒక కుటుంబ న్యాయస్థానం ఆ కారణంతోనే జైన దంపతుల అర్జీని తోసిపుచ్చింది. 2025 మార్చిలో అక్కడి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మైనారిటీ గుర్తింపు వల్ల చదువులు, సంస్థలు, పథకాల్లో హక్కులు వస్తాయి. చట్టంలో రాసి ఉన్న పేరు దానివల్ల చెరిగిపోదు. వారసత్వ చట్టం 2వ సెక్షన్‌లోనూ అదే రాత ఉంది కాబట్టి ఇక్కడా సమాధానం అదే.

ఈ కలుపుకోవడానికి ఒక హద్దు ఉంది, మన జిల్లాల్లో అది చిన్న హద్దు కాదు. షెడ్యూల్డ్ తెగల వాళ్లకు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఈ చట్టం వర్తించదని 2వ సెక్షన్ రెండో భాగం చెబుతుంది. దేవరకొండ తండాల్లో లంబాడీ కుటుంబం, అమ్రాబాద్ వైపు చెంచు కుటుంబం హిందూ దేవుళ్లను కొలిచినా, బౌద్ధ దీక్ష తీసుకున్నా, చట్టం నేరుగా వాళ్ల దగ్గరికి పోదు. అక్కడ తెగ ఆచారం ఏమిటి, ఆ కుటుంబం హిందూ పద్ధతినే పాటిస్తూ వచ్చిందా, ఆడపిల్లకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరైనా నిజంగా రుజువు చేయగలిగారా అన్నవి కోర్టు చూస్తుంది. మీ ప్రశ్న చదివి తండా నుంచి ఎవరైనా ఈ లెక్కను తమకు పెట్టుకోవద్దని ఈ మాట చెబుతున్నాను.

మీ నాన్న కొన్నది కాకుండా తాతల నుంచి వచ్చిన భూమి కూడా ఉంటే లెక్క వేరేగా ఉండొచ్చు. తాత 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఆ భూమి నాన్నకు వాటాగా వచ్చి ఉంటే, చాలాసార్లు అది నాన్న సొంత ఆస్తి కిందికే వస్తుంది, ఊళ్లో అంతా "తాతల ఆస్తి" అన్నా సరే. ఉమ్మడి కుటుంబ ఆస్తి అని తేలినా 2005 సవరణతో కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారు అయ్యింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కొన్న భూమి గురించే అడిగారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇక కాగితాల పని. మొదట మరణ ధ్రువపత్రం, మీసేవ నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీయండి. ఆ సర్టిఫికెట్‌లో నాయనమ్మ పేరు, అక్క పిల్లల పేర్లు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. అర్జీ పెట్టేది సాధారణంగా కొడుకే కాబట్టి ఆ రెండు చోట్లే పేర్లు రాలిపోతుంటాయి. ఆ తర్వాత భూభారతిలో విరాసత్ అర్జీ. తహసీల్దార్ వారసులకు నోటీసు ఇచ్చి విచారణ చేస్తారు. మీ అన్న ఇప్పటికే అర్జీ పెట్టి ఉంటే, మీకు నోటీసు వచ్చేదాకా ఆగకుండా సర్వే నంబరుతో రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరి వాటా ఎంత అన్న తగాదాను తహసీల్దార్ తేల్చలేరు. అందరూ ఒప్పుకోకపోతే సివిల్ కోర్టులో పంపకాల దావా వేయాల్సిందే. ఒకవేళ అన్న పేరు మీద పాస్‌బుక్ వచ్చేసినా కంగారు పడకండి, రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన మీ వాటా పోదు. కాకపోతే ఆయన ఆ భూమి అమ్మకుండా కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకోవడంలో ఆలస్యం చేయొద్దు.

"ఊరికే నో అబ్జెక్షన్ సంతకం" అని ఎవరైనా తెల్ల కాగితం తెస్తే పెట్టొద్దు. నిజంగానే అన్నకు వదిలేయాలని మీకు ఉంటే, అది రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రంతోనే జరగాలి. అక్క పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్లు మైనర్లు. తండ్రి సహజ సంరక్షకుడే అయినా, కోర్టు అనుమతి లేకుండా వాళ్ల 20 గుంటలను అమ్మే, వదిలేసే అధికారం ఆయనకు లేదు. ఆ నియమం ఉన్న హిందూ మైనర్ల సంరక్షకత్వ చట్టం కూడా బౌద్ధులకు ఇదే తీరుగా వర్తిస్తుంది. మీ బావతో అన్న ఏదైనా రాయించుకుని ఉంటే ఆ కాగితం కాపీ సంపాదించండి.

చివరిగా, మతం గడిలో ఏమి రాయాలి అని చాలామంది తటపటాయిస్తారు. టైపిస్టు పాత దావా నుంచి కాపీ కొట్టి "వాది, ప్రతివాదులు హిందువులు" అని పెట్టేస్తాడు. మీ నాన్న బౌద్ధుడైతే బౌద్ధుడనే రాయించండి, పక్కనే "హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 2(1)(బి) ప్రకారం ఆ చట్టం వర్తించేవారు" అని ఒక వాక్యం చేర్పించండి. బౌద్ధుడని రాస్తే ఎస్సీ హోదా పోతుందేమో అనే భయం ఉంటే అదీ అక్కర్లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. జవాబు దావాలో మీ అన్న ఇదే బౌద్ధ వాదన మళ్లీ తెస్తే, 1925 చట్టం 29వ సెక్షన్ కాపీ కూడా మీ వకీలు చేతిలో ఉండేట్టు చూసుకోండి.